ఐదు సైట్లూ ఒకే పేరు చెప్పాయంటే

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. ఆన్‌లైన్ క్యాసినో ఆడే ముందు ఐదు రివ్యూ సైట్లు చూశాడట. అన్నింటిలోనూ మొదటి మూడు స్థానాల్లో ఉందని ఒక క్యాసినో ఎంచుకుని 20,000 వేశాడు, ఇంకో 20,000 బోనస్ ఇచ్చారు. స్లాట్స్‌లో 1,40,000 అయింది. తీసుకోబోతే బోనస్ రూల్స్ తప్పావని ఆపేశారు. ఇప్పుడేమో అవే సైట్లలో "త్వరగా డబ్బిచ్చే టాప్ 10" అనే లిస్టు చూసి ఇంకోదాంట్లో ఆడతానంటున్నాడు. ఒక సైటు అబద్ధం చెప్పిందంటే అర్థం చేసుకోవచ్చు, ఐదు సైట్లూ ఒకేలా ఎలా చెప్తాయి? అసలు వీళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? — ఒక అక్క, కాకినాడ

సమాధానం: డబ్బు క్యాసినో నుంచే వస్తుందండి. అది కూడా చాలాసార్లు మీ తమ్ముడిలాంటి వాళ్లు పోగొట్టుకున్న దాంట్లోంచి. ఆ ఐదు సైట్లూ కూడబలుక్కుని అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఐదింటికీ జీతం ఇచ్చేవాడు ఒకడే అయినప్పుడు కూడబలుక్కోవాల్సిన పనే ఉండదు.

ఇది నేను బయట నుంచి చూసి చెప్తున్న మాట కాదు. కొన్నేళ్ల కిందట మాదాపూర్‌లో ఒక కంటెంట్ కంపెనీలో ఏడాదిన్నర పాటు ఇవే రివ్యూలు రాశాను. పేరు అనవసరం. పొద్దున్నే ఒక ఎక్సెల్ షీట్ వచ్చేది. అందులో క్యాసినో పేరు, బోనస్ ఎంత, ఎన్ని గేములున్నాయి, ఏ లైసెన్సు, చివరి గడిలో రేటింగ్. ఆ రేటింగ్ అప్పటికే నింపి ఉండేది. 9.6 అని ఉంటే 9.6కి సరిపడా పొగడాలి, 8.9 అని ఉంటే కాస్త తగ్గించి పొగడాలి, అంతే మా పని. ఒక్క క్యాసినోలోనూ నేను అకౌంట్ తెరవలేదు. "మా నిపుణులు స్వయంగా డిపాజిట్ చేసి పరీక్షించారు" అనే వాక్యం మాత్రం రోజుకు నాలుగుసార్లు టైప్ చేసేదాన్ని. అన్ని సైట్లూ ఇలాగే ఉంటాయని కాదు, నిజంగా డబ్బు వేసి చూసేవాళ్లూ ఉన్నారు. కానీ మా ఆఫీసులో ఆ నిపుణులెవరయ్యా అంటే, కాఫీ మెషీన్ దగ్గర నిలబడ్డ మేం ముగ్గురమే.

ఈ వ్యాపారం పేరు అఫిలియేట్ మార్కెటింగ్. చూడ్డానికి పెళ్లిళ్ల పేరయ్య లాంటి పని: అటు క్యాసినో, ఇటు ఆటగాడు, మధ్యలో రివ్యూ సైటు. సైట్లో "ఇప్పుడే ఆడండి" అనే బటన్ నొక్కితే ఆ లింక్‌లో ఒక గుర్తు నంబరు కూడా వెళ్తుంది. మీ తమ్ముడు అకౌంట్ తెరవగానే ఆ అకౌంట్ మీద ఫలానా సైటు పంపిన మనిషి అని ముద్ర పడిపోతుంది. ఆ తర్వాత ఆయన ఆ సైటు మొహం మళ్లీ చూడకపోయినా ముద్ర పోదు. ఒప్పందాన్ని బట్టి ఆ అకౌంట్ బతికున్నంత కాలం అలాగే ఉంటుంది.

కమీషన్ ఇచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది సీపీఏ. కొత్త మనిషి అకౌంట్ తెరిచి, చెప్పిన కనీస మొత్తం డిపాజిట్ చేస్తే సైటుకు ఒక్కసారి ఇంత అని ఇస్తారు. తర్వాత ఆయన గెలిచాడా, ఓడాడా, డబ్బు ఇరుక్కుపోయిందా అన్నది సైటుకు అనవసరం. డిపాజిట్ పడింది, బిల్లు లేచింది. ఈ పద్ధతిలో పేరయ్య పోలిక బాగానే సరిపోతుంది. తాళి కట్టించేదాకానే ఆయన బాధ్యత.

రెండోది రెవెన్యూ షేర్. అక్కడ పేరయ్య పోలిక సరిపోదు. ఎందుకంటే కాపురంలో గొడవ జరిగిన ప్రతిసారీ పేరయ్యకు డబ్బొచ్చే ఏర్పాటు ఇది. పంపిన మనిషి వల్ల క్యాసినోకి నికరంగా ఎంత మిగిలితే అందులో ఒక వాటా, మామూలుగా నాలుగో వంతు నుంచి సగం దాకా, నెలనెలా సైటుకు వస్తుంది. క్యాసినోకి మిగలడమంటే ఆటగాడు ఓడిపోవడమే.

లెక్క వేసి చూపిస్తాను. అంకెలు సులువుగా ఉండటానికి నేను అనుకున్నవి, లెక్క వేసే తీరు మాత్రం అసలుదే. ఒక మనిషి ఒక నెలలో లక్ష రూపాయలు పోగొట్టుకున్నాడనుకుందాం. క్యాసినో అందులోంచి ఆయనకిచ్చిన బోనస్ 15,000, పేమెంట్ ఖర్చులు 5,000, గేములు తయారుచేసిన కంపెనీల ఫీజు, ఇతర ఖర్చుల పేరుతో 20,000 తీసేస్తుంది. మిగిలింది 60,000. సైటు వాటా 40 శాతమైతే 24,000. ఆ మనిషి పోగొట్టుకున్న ప్రతి వందలో 24 రూపాయలు, ఆయనకు "నిష్పాక్షిక సలహా" ఇచ్చిన వాళ్లకు చేరాయన్నమాట.

ఇప్పుడు అదే మనిషి గెలిచాడనుకోండి. క్యాసినోకి ఆ నెల నష్టం, కాబట్టి ఆ మనిషి పేరు మీద సైటు ఖాతాలోనూ మైనస్ పడుతుంది. కొన్ని ఒప్పందాల్లో నెలాఖరున ఆ మైనస్‌ని సున్నా చేసేస్తారు. కొన్నింట్లో వచ్చే నెలకు మోసుకెళ్తారు. అలా మోసుకెళ్లే ఒప్పందమైతే, ఒక్కడు పెద్ద మొత్తం గెలిస్తే మిగతా వందమంది పోగొట్టుకున్న దాని మీద వచ్చే కమీషన్ కూడా దాంట్లో కొట్టుకుపోవచ్చు.

మీ తమ్ముడి విషయానికి వస్తే, ఆయన గెలిచిన 1,40,000 నిజంగా చేతికిస్తే సైటు ఖాతాలో మైనస్. రూల్స్ తప్పావని క్యాసినో ఆ గెలుపును రద్దు చేస్తే ఆ మైనస్ కూడా పోతుంది. అంటే రెవెన్యూ షేర్ మీద నడిచే సైటుకు, ఆయన డబ్బు ఆగిపోవడం వల్ల పోయేదేమీ లేదు, పైగా లాభమే. సైటు వాళ్లే ఆపించారని నేను అనడం లేదు. వాళ్లకు అంత శక్తీ లేదు. కానీ ఆయన తరఫున గట్టిగా అడగడానికి వాళ్లకు కారణం కూడా లేదు.

ఇక లిస్టులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది ఎలా తేలుతుందో చూద్దాం. దీనికో కొలత ఉంది, ఈపీసీ అంటారు. ఒక క్లిక్కుకు సగటున ఎంత సంపాదించామన్నదే అది. రెండు క్యాసినోలు తీసుకుందాం. మొదటిది బుద్ధిగా డబ్బిస్తుంది, బోనస్ చిన్నది. వెయ్యిమంది బటన్ నొక్కితే 10 మంది డిపాజిట్ చేశారు. ఒక్కొక్కరికి సైటుకు 3,000. మొత్తం 30,000, క్లిక్కుకు 30 రూపాయలు. రెండోది విత్‌డ్రాలో తిప్పలు పెట్టే రకం, కానీ బోనస్ కళ్లు చెదిరేలా ఉంటుంది. వెయ్యిమందిలో 18 మంది డిపాజిట్ చేశారు. మనిషికి 5,000 ఇస్తుంది. మొత్తం 90,000, క్లిక్కుకు 90 రూపాయలు. లిస్టులో పైన ఏది ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. లిస్టు చూసేవాళ్లు ఎక్కువగా నొక్కేది పై రెండు మూడు వరుసలే, కాబట్టి అక్కడ ఎక్కువ తెచ్చేదాన్నే పెడతారు.

ఆ లెక్కలో విత్‌డ్రాకు ఎన్ని రోజులు పట్టిందన్నది ఎక్కడా లేదు చూడండి. ఎంతమంది డబ్బు ఆగిందన్నదీ లేదు. సైటు యజమాని చెడ్డవాడు కానక్కర్లేదు, ఆయన తెర మీద ఆ అంకెలు కనబడవు, అంతే.

దీనిపైన ఇంకోటి ఉంది. కొన్నిచోట్ల మొదటి స్థానాన్ని నేరుగా నెలవారీ అద్దెకిస్తారు, బస్టాండులో షాపు అద్దెకిచ్చినట్టు. క్యాసినో తరఫున అఫిలియేట్ మేనేజర్ అనే ఉద్యోగి ఉంటాడు. నెల మొదట్లో ఆయన మెయిల్ పెడతాడు, "వచ్చే నెల మమ్మల్ని ఒకటో స్థానంలో పెడితే సీపీఏ ఇంత పెంచుతాం" అని. ఆ మెయిల్ మీ తమ్ముడు చూసిన ఐదు సైట్లలో ఒక్కదానికే వెళ్లదుగా. అందరికీ వెళ్తుంది. మీ ప్రశ్నకు సగం జవాబు అదే.

మిగతా సగం ఏంటంటే, ఆ ఐదు సైట్లు నిజంగా ఐదేనా అన్నది. ఈ రంగంలో పెద్ద పెద్ద కంపెనీలున్నాయి, స్టాక్ మార్కెట్లో లిస్టయినవి కూడా. డెన్మార్క్‌కు చెందిన బెటర్ కలెక్టివ్, మాల్టాలో మొదలైన కెటీనా మీడియా స్టాక్‌హోమ్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయ్యాయి. గ్యాంబ్లింగ్ డాట్ కామ్ గ్రూప్ 2021లో అమెరికా నాస్‌డాక్‌లో లిస్టయింది. ఒక్కో కంపెనీకి వేరువేరు పేర్లతో, వేరువేరు రంగులతో ఎన్నో సైట్లుంటాయి. ఆటగాళ్ల ఫిర్యాదులు తీసుకుంటుందని పేరున్న ఆస్క్‌గాంబ్లర్స్‌ను కెటీనా మీడియా 2016లో కొన్నది. తర్వాత దాన్నీ మరికొన్ని సైట్లనూ కలిపి గేమింగ్ ఇన్నొవేషన్ గ్రూప్‌కు 4.5 కోట్ల యూరోలకు అమ్మింది. 2023 జనవరిలో ఆ బేరం పూర్తయింది. ఊరికే సలహాలు చెప్పే సైటుకు అంత ధర ఎందుకు పలుకుతుందో ఆలోచించండి. ఈ కంపెనీలు తమ వాటాదార్ల నివేదికల్లో మాత్రం ఏమీ దాచవు. కొత్తగా డిపాజిట్ చేయించిన కస్టమర్లు ఎంతమంది, ఆదాయంలో సీపీఏ ఎంత, రెవెన్యూ షేర్ ఎంత అని వివరంగా రాస్తాయి. వాటాదారుకు చెప్పే నిజం, పాఠకుడికి పేజీ అడుగున బూడిద రంగు చిన్నక్షరాల్లో "మాకు కమీషన్ రావచ్చు" అని ఒక్క ముక్కగా మిగులుతుంది.

పెద్ద కంపెనీలు కాక చిన్నాచితకా సైట్లు వేలల్లో ఉన్నాయి. అవి పెద్దవాటి లిస్టును చూసి దించేస్తాయి. మేమూ దించేవాళ్లం. గూగుల్‌లో మొదట వచ్చే మూడు సైట్లు తెరిచి వాటిలో ఉన్న క్యాసినోల్లో మాకు ఒప్పందం ఉన్నవి ఏరుకోవడం, లేనివి వదిలేయడం. అఫిలియేట్ పథకం లేని క్యాసినో ఎంత మంచిదైనా సాధారణంగా అలాంటి లిస్టుకెక్కదు.

ఒక సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. మా లిస్టులో చాలా నెలలుగా రెండో స్థానంలో ఉన్న ఒక క్యాసినో ఉండేది. ఆటగాళ్లు డబ్బు రాలేదని కామెంట్లు పెడుతూనే ఉండేవారు, మోడరేటర్ వాటిని ఆపేస్తూ ఉండేవాడు. ఒకరోజు షీట్లో దాని రేటింగ్ 9.5 నుంచి 6.8కి పడిపోయింది, స్థానం తొమ్మిదికి. "చెల్లింపుల విషయంలో కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి" అని చేర్చమన్నారు. చివరికి ఆటగాళ్ల గోడు వినబడిందే అనుకుని సంతోషించాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది, ఆ క్యాసినో మా కంపెనీకి రెండు నెలల కమీషన్ ఎగ్గొట్టిందట. అఫిలియేట్ల భాషలో "నమ్మకమైన క్యాసినో" అంటే మాకు టైముకి డబ్బిచ్చేది అని అర్థం. ఆటగాడికి ఇవ్వడం వేరే విషయం.

ఇక బోనస్ సంగతి, ఎందుకంటే మీ తమ్ముడు చిక్కుకున్నది అక్కడే. టాప్ 10 లిస్టుల్లో పెద్ద అక్షరాల్లో కనబడేది బోనస్సే. దాని వెంట వేజరింగ్ అనే షరతు ఉంటుంది. ఉదాహరణకు, డిపాజిట్ 20,000, బోనస్ 20,000 రెండూ కలిపి 35 రెట్లు ఆడాలి అని ఉంటే, మొత్తం 14,00,000 విలువైన పందేలు కాయాలి. 96 శాతం తిరిగిచ్చే స్లాట్ మీద అన్ని పందేలు కాస్తే సగటున 56,000 పోతుంది. చేతిలో ఉన్నదేమో బోనస్‌తో కలిపి 40,000. అందుకే ఎక్కువమంది షరతు పూర్తయ్యేలోపే ఖాళీ అయిపోతారు. అదృష్టం కలిసొచ్చి మిగిలిన వాళ్ల కోసం ఇంకో షరతు ఉంటుంది: బోనస్ నడుస్తుండగా ఒక్క స్పిన్‌కు ఇంతకు మించి కాయకూడదని. ఎక్కడో ఒక్కసారి దాటినా మొత్తం గెలుపు రద్దు చేయవచ్చని రాసుకుంటారు. ఆట ఆడేటప్పుడు చాలా సైట్లు ఆపవు, డబ్బు అడిగినప్పుడే లాగ్ తీసి చూపిస్తాయి. మీ తమ్ముడికి వచ్చిన జవాబు కూడా ఇదేనేమో, ఏ రూలు, ఏ తేదీ, ఏ పందెం అని రాతపూర్వకంగా అడగమనండి.

ఆ రివ్యూల్లో ఈ షరతు గురించి ఉందా అని వెనక్కి వెళ్లి చూడమనండి. "లోపాలు" అనే శీర్షిక కింద మేం రాసేవి "ఫోన్ సపోర్ట్ లేదు", "తెలుగులో చాట్ లేదు" లాంటివి. లోపం రాసినట్టు ఉండాలి, ఎవరూ దాన్ని చూసి వెనక్కి తగ్గకూడదు. ఆ కళలో మేం ఆరితేరిపోయాం.

ఇదంతా నా మాట మీద నమ్మక్కర్లేదు, మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఫోన్‌లో ఆ "ఆడండి" బటన్ మీద నొక్కకుండా వేలు అలాగే పెట్టి ఉంచండి. లింక్ కాపీ చేసుకునే అవకాశం వస్తుంది. దాన్ని నోట్స్‌లో అతికించి చూడండి. ఎక్కువగా సైటు పేరు తర్వాత `/go/` అనో `/visit/` అనో ఉంటుంది, లేదా చివర `btag=`, `affid=`, `clickid=` లాంటివి కనబడతాయి. ఆ సమానం గుర్తు తర్వాత ఉన్నదే నేను చెప్పిన గుర్తు నంబరు. లిస్టులో పదింటికి పదీ అలాగే ఉంటే, సైటుకు డబ్బివ్వని వాళ్లకు అందులో చోటు లేదన్నమాట.

అదే సైట్లో అతి తక్కువ రేటింగ్ ఎంతుందో వెతకండి. పదీ 9 పైనే ఉంటే అది పరీక్ష కాదు, అందరినీ పాస్ చేయించే బడి. కనీసం కొన్నింటికి 3, 4 ఇచ్చి, "ఇక్కడ ఆడకండి" అని కారణాలతో రాసే సైటు కాస్త నయం. అలాంటివి కొన్ని ఉన్నాయి, ఆటగాళ్ల ఫిర్యాదులను బయటపెట్టే విభాగం కూడా నడుపుతాయి. వాటికీ కమీషన్ వస్తుంది, కాబట్టి వాటి టాప్ 10 కూడా మిగతా సైట్ల టాప్ 10 లాంటిదే. కానీ ఫిర్యాదుల విభాగంలో తేదీలు, మొత్తాలు, క్యాసినో ఇచ్చిన జవాబులు ఉంటాయి. పనికొచ్చేది ఆ భాగం.

మీ బంధువులెవరైనా ఇంగ్లండ్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే, అదే పేజీని వాళ్లను తెరిచి స్క్రీన్‌షాట్ పంపమనండి. చాలాసార్లు లిస్టు మారిపోతుంది. కొంతవరకు దానికి సరైన కారణమే ఉంది, ఒక దేశం లైసెన్సున్న క్యాసినో ఇంకో దేశం వాళ్లను తీసుకోదు. అయితే "ప్రపంచంలోనే నంబర్ వన్" అని రెండుచోట్లా రెండు వేరువేరు పేర్లు చూపించి, రెండింటికీ 9.8 ఇవ్వడానికి లైసెన్సు కారణం కాదు. ఏ దేశం మనిషిని ఎవరు ఎంతకు కొంటున్నారన్నదే కారణం. శీర్షికలో ఈ నెల పేరు చూసి తాజా సమాచారం అనుకోవద్దు. ఒకటో తారీఖున నెల పేరు దానంతటదే మారేలా మా సైట్లో చిన్న కోడ్ పెట్టి ఉండేది. కింద విషయం రెండేళ్ల పాతది.

వీళ్లను అడిగేవాళ్లే లేరా అంటే, కొన్ని దేశాల్లో ఉన్నారు. బ్రిటన్‌లో అఫిలియేట్ తప్పు రాసినా లైసెన్సున్న క్యాసినోనే జవాబు చెప్పాలి. 2017లో బీజీఓ అనే ఆపరేటర్‌కు తన సైట్లోనూ, అఫిలియేట్ల సైట్లలోనూ తప్పుదోవ పట్టించే ప్రకటనలు ఉన్నందుకు అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ 3,00,000 పౌండ్ల జరిమానా వేసింది. అదే ఏడాది, అప్పుల్లో మునిగిన ఒకాయన క్యాసినో ఆడి గట్టెక్కాడని వార్తలా రాసిన అఫిలియేట్ ప్రకటనలను అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ తప్పుబట్టింది. నాలుగు పేరున్న కంపెనీలు దానికి బాధ్యత వహించాల్సి వచ్చింది. స్కై బెట్టింగ్ అయితే ఆ ఏడాదే బ్రిటన్‌లో అఫిలియేట్ పథకాన్నే మూసేసింది.

మీ తమ్ముడికి ఆ ఆసరా లేదు. మన దగ్గర ఇలాంటి లిస్టుల్లో కనబడేవి ఎక్కువగా కురసావ్ లాంటి చిన్న దీవుల లైసెన్సు చూపించేవి. అక్కడి పాత పద్ధతిలో అసలు లైసెన్సుదారులు నలుగురే, వాళ్ల కింద ఉపలైసెన్సులతో మిగతా సైట్లు నడిచేవి. ఫిర్యాదు చేస్తే పట్టించుకునే దిక్కు దాదాపు ఉండేది కాదు. 2024 డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది కానీ, "కురసావ్ లైసెన్సు ఉంది" అని రివ్యూలో టిక్కు పెట్టినంత మాత్రాన హైదరాబాద్‌లో ఉన్న మనిషికి డబ్బు ఇప్పించేవాళ్లు పుట్టుకురారు.

పైగా చట్టం సంగతి ఆ రివ్యూలేవీ సరిగా చెప్పవు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అందులో ఇలాంటి ఆటలు నడిపేవాళ్లకూ, డబ్బు లావాదేవీలు చేసిపెట్టేవాళ్లకూ మూడేళ్ల దాకా జైలు, ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు రాశారు. "భారతీయులకు పూర్తిగా లీగల్" అని ఆ లిస్టుల్లో ఉన్న వాక్యం ఎవరు రాస్తారో మీకిప్పుడు తెలుసు, నాలాంటివాళ్లే, ఏ వకీలునూ అడక్కుండా.

డబ్బు విషయం. అకౌంట్ పేజీ, బ్యాలెన్స్, చాట్, డిపాజిట్ చేసిన యూపీఐ వివరాలు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమనండి, సైటు అకౌంట్ మూసేస్తే ఇక అవి దొరకవు. డిపాజిట్ ఏ పేరు మీదికి వెళ్లిందో చూడమనండి. ఎవరో వ్యక్తి పేరో, సంబంధం లేని దుకాణం పేరో ఉంటే జాగ్రత్త, అలాంటి ఖాతాలు మోసం కేసుల్లో ఉండొచ్చు, వాటి నుంచి డబ్బు వచ్చిన మన ఖాతా కూడా బ్యాంకు ఆపేసే ప్రమాదం ఉంది. మోసం అనిపిస్తే 1930 నంబరు, `cybercrime.gov.in` ఉన్నాయి. ఆడినది నిషేధం ఉన్న రాష్ట్రంలో కాబట్టి, ముందు ఒక లాయరుతో మాట్లాడి ఆ తర్వాత ఫిర్యాదు ఇవ్వడం మంచిది. "వెరిఫికేషన్ కోసం ఇంకో 10,000 వెయ్యండి" అని అడిగితే వెయ్యొద్దు. రివ్యూల కింద కామెంట్లలో "నా డబ్బు ఫలానా ఆయన వెనక్కి తెప్పించాడు" అని కనబడే నంబర్లకు అసలు ఫోన్ చెయ్యొద్దు. ఒకసారి మోసపోయినవాడి కోసం కాచుకుని ఉండే రెండో బ్యాచ్ వాళ్లు. ఆ 1,40,000 వస్తుందని ఆశ పెట్టుకోమని మాత్రం నేను చెప్పలేను.

చివరిగా, ఆ "త్వరగా డబ్బిచ్చే టాప్ 10" గురించి. మా కంపెనీలో ఒకటే పట్టిక ఉండేది, సుమారు నలభై పేర్లతో. దాంట్లోంచే "బెస్ట్ క్యాసినోలు", "కొత్త క్యాసినోలు", "యూపీఐ క్యాసినోలు", "త్వరగా డబ్బిచ్చే క్యాసినోలు" అని ముప్పై పేజీలు తయారయ్యేవి. జనం గూగుల్‌లో ఏ మాటలు వెతుకుతున్నారో చూసి శీర్షిక మార్చేవాళ్లం. ఎవరు ఎన్ని గంటల్లో డబ్బిస్తారన్న గడి ఆ పట్టికలో ఉండేది, అందులో క్యాసినో తన సైట్లో రాసుకున్నదే దించేవాళ్లం. మీ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పాత లిస్టునూ ఈ కొత్త లిస్టునూ రెండు ఫోన్లలో తెరవండి. పదిలో ఎన్ని పేర్లు కలుస్తున్నాయో ఆయన్నే లెక్కపెట్టమనండి. ఇప్పుడు డబ్బు ఆపేసిన క్యాసినో కూడా అందులో ఉందేమో చూడమనండి.